ఉత్తరం ఎంత చదవాలి, ఎంత చెప్పాలి?

ప్రశ్న: నేనొక చిన్న కథ రాస్తున్నాను. ఊరి పోస్టుమాస్టరు, చదువురాని పక్కింటి పెద్దావిడకు వచ్చిన రెండు పేజీల సర్కారీ ఉత్తరాన్ని బిగ్గరగా చదివి, చివరికి నాలుగు ముక్కల్లో సారాంశం చెబుతాడు. మొదటిసారి ఉత్తరం మొత్తం పెట్టాను. చదివినవాళ్లు ఆ భాగం దాటేశామన్నారు. రెండోసారి ఉత్తరం తీసేసి సారాంశం మాత్రమే ఉంచాను. అప్పుడు పోస్టుమాస్టరు చేసిన పనేమిటో కనిపించడం లేదన్నారు. పైగా కథలో ఏమీ జరగడం లేదని నాకే అనిపిస్తోంది. రెండు ప్రతులూ పంపుతున్నాను. ఎక్కడ సరిచేయాలి?
– ఒక పాఠకురాలు

సమాధానం:

మీరు పంపిన రెండు ప్రతులూ చదివాను. ఉత్తరం పింఛను గురించి అని తెలుస్తోంది. కానీ ఆ ఆఫీసు పెద్దావిడ నుంచి ఏం కోరుతోందో, ఆమె ఏమీ చేయకుండా ఊరుకుంటే ఏమవుతుందో ఎక్కడా లేదు. సర్కారీ భాషలా వినిపించే వాక్యాలు వరసగా ఉన్నాయి, అంతే. లోపల విషయమే లేనప్పుడు పోస్టుమాస్టరు దేన్ని కుదిస్తాడు? అందుకే ఉత్తరం ఉంచినా కథ నిలబడలేదు, తీసేసినా నిలబడలేదు. కథను కొన్నాళ్లు పక్కన పెట్టి, ముందు ఆ ఉత్తరాన్ని విడిగా ఒక కాగితం మీద పూర్తిగా రాయండి. అది పాఠకుల కోసం కాదు, మీ కోసం. అందులో ఒక సమస్య, ఒక నిర్ణయం, ఒక గడువు, గడువు దాటితే వచ్చే నష్టం, ఈ నాలుగూ నిజంగా ఉండాలి.

ఒక నమూనా కల్పించి చెబుతాను. పెద్దావిడ భర్త ప్రభుత్వ ఉద్యోగం చేసి చనిపోయాడు. ఆమెకు కుటుంబ పింఛను వస్తోంది. భర్త సర్వీసు కాగితాల్లో ఆమె పుట్టిన సంవత్సరం 1942. ఆ లెక్కన 2022లో 80 ఏళ్లు నిండాయి కాబట్టి పింఛను మీద అదనంగా కొంత మొత్తం కలిపారు. మన కథ జరిగేది 2025లో. ఆమె గుర్తింపు కార్డులో మాత్రం 1947 అని ఉన్నట్టు తనిఖీలో బయటపడింది. కార్డులో ఉన్నదే నిజమైతే ఆమెకు ఇప్పుడు 78 ఏళ్లే, మూడేళ్లుగా అదనపు డబ్బు అర్హత లేకుండా ఇచ్చినట్టు. ఆఫీసువాళ్లు రాసిన ఉత్తరం దీని గురించే.

ఇక ఆ ఉత్తరం ఆకారం చూడండి. పైన ఆఫీసు పేరు, ఉత్తరం నంబరు, తేదీ. దాని కింద విషయం అనే వరస: ‘కుటుంబ పింఛను – వయసు ధ్రువీకరణలో వ్యత్యాసం – నిలుపుదల – ఆధారములు కోరుట – గురించి.’ తర్వాత సూచిక అని పాత ఉత్తరాల నంబర్లు మూడు. తర్వాత ఆ పాత ఉత్తరాల కథంతా ఒక పేరా. మొదటి పేజీ చివర్లో నిర్ణయం. రెండో పేజీ మొదట్లో ఏయే కాగితాలు చూపించవచ్చో, ఎన్ని రోజుల్లో చూపించాలో. ఆ తర్వాత చూపించకపోతే ఏమవుతుందో. దాని కింద, ఎవరూ పట్టించుకోని చోట, మూల పింఛను మాత్రం యథాతథంగా వస్తుందని ఒక్క వాక్యం. చివర్న అప్పీలు సంగతి, సంతకం, నకళ్లు ఎవరెవరికి పంపారో ఆ పట్టిక.

ఇలాంటి ఉత్తరాల్లో మనిషికి కావలసిన ముక్క చివరికి పోవడానికి కారణం ఉంది. ఉత్తరం వెళ్లేది పెద్దావిడ ఇంటికే గానీ, రాసేది ఆఫీసు ఫైలు కోసం. ఏ అధికారంతో, ఏ నివేదిక ఆధారంగా, ఏ పాత ఉత్తరానికి కొనసాగింపుగా నిర్ణయం తీసుకున్నారో ముందు రికార్డు కావాలి. రేపు పై అధికారి ఎవరైనా అడిగితే చూపించడానికి అదే పనికొస్తుంది. ‘నీ పింఛను ఆగలేదమ్మా’ అని మొదటి వరసలో రాయాల్సిన అవసరం ఫైలుకు లేదు. ఈ సంగతి మీ పోస్టుమాస్టరుకు తెలుసు. ఏళ్ల తరబడి ఊళ్లో అందరి ఉత్తరాలూ చదివి పెట్టినవాడు. కళ్లతో ముందు రెండో పేజీకి వెళ్లి, తర్వాత మొదటి పేజీకి వచ్చే అలవాటు అతనికి ఉండాలి. మీ ప్రతిలో అతను మొదటి అక్షరం నుంచి చదవడం మొదలుపెడతాడు. అలా చదవాలంటే దానికొక కారణం ఇవ్వండి. ‘పైనుంచి కిందిదాకా చదువు నాయనా, మధ్యలో ఏదీ వదలొద్దు’ అని ఆమే పట్టుబట్టిందనుకోండి, అప్పుడు చదవడం ఆమె కోరిక అవుతుంది, కుదించడం అతని బాధ్యత అవుతుంది.

ఆమె అలా అడిగిందంటే మీ మొదటి దృశ్యం దానంతటదే బిగుస్తుంది. ‘నిలుపుదల’ అన్న మాట మొదటి నిమిషంలోనే ఆమె చెవిన పడుతుంది. పింఛను ఆగలేదన్న వాక్యం రెండో పేజీలో ఉంది. రెండు పేజీలు నిదానంగా పైకి చదవడానికి ఐదారు నిమిషాలకు తక్కువ పట్టదు. ఆ సేపంతా ఆమె చేతులు ఏం చేస్తున్నాయి, అతని గొంతు ఎక్కడ తడబడింది, కింది వాక్యం ముందే చూసినవాడు అక్కడికి తొందరగా చేరడానికి ఏం దాటేశాడు, ఇదంతా రాయడానికి చోటు దొరికింది. ఏమీ జరగడం లేదన్నారు కదా, జరగాల్సింది ఇక్కడే ఉంది.

ఉత్తరం నుంచి కథలోకి యథాతథంగా మూడు చోట్లే తీసుకోండి. విషయం అన్న వరస ఒకటి. నిర్ణయం చెప్పే పొడవాటి వాక్యం ఒకటి. గడువు చెప్పే వాక్యం ఒకటి. మిగతాదాన్ని అతని గొంతు తీరుతో, ఆమె ముఖంతో దాటించండి. పొడవాటి వాక్యాన్ని కూడా చివరిదాకా వెళ్లనివ్వకండి. ఇలా ఉండవచ్చు:

“పై సూచిక 2లోని తనిఖీ నివేదికను పరిశీలించిన మీదట, సదరు పింఛనుదారు పుట్టిన తేదీ విషయమై సర్వీసు రికార్డునకును, గుర్తింపు పత్రమునకును మధ్య అయిదు సంవత్సరముల వ్యత్యాసము కలదని గమనించడమైనందున, తదుపరి ఉత్తర్వులు వెలువడు వరకు...”

“ఆగు నాయనా. ఆ సదరు ఎవరు?”

“నువ్వే పెద్దమ్మా.”

“నా పేరు రాయలేదా?”

“పైన రాశారు. ఇక్కడ ఇలా రాస్తారు.”

ఇక్కడ ఆపితే పాఠకుడికి ఆ వాక్యం బరువు తెలిసిపోతుంది, మిగతా సగం అక్కర్లేదు. తెలుగు వాక్యంలో క్రియ చివర వస్తుంది. కాగితం మీదైతే కన్ను వెనక్కి వెళ్లి మళ్లీ చూసుకుంటుంది, చెవికి ఆ వీలు లేదు. నలభై మాటల వాక్యం వింటున్న మనిషి ఆ నలభై మాటలనూ పట్టుకుని, చివర ‘చేయడమైనది’ వస్తుందా ‘చేయబడదు’ వస్తుందా అని ఎదురుచూస్తూ కూర్చోవాలి. ఎనభైకి దగ్గరపడ్డ మనిషి మధ్యలో ఆపి అడగడం తెలివితక్కువతనం కాదు, అర్థం చేసుకోవాలన్న పట్టుదల. మీ ప్రతిలో ఆమె తల ఊపుతూ వింటుంది, ఒక్క ప్రశ్న కూడా అడగదు. ఆమెను అడగనివ్వండి. ఆమె వేసే ప్రతి ప్రశ్నా ఉత్తరాన్ని ఒకచోట తెగ్గొడుతుంది, పాఠకుడికి ఊపిరి పీల్చుకునే వీలు ఇస్తుంది.

ఇప్పుడు అసలు పని, కుదించడం. మీరు రాసిన సారాంశం ఇది: ‘పింఛను ఆపారు పెద్దమ్మా, వయసు కాగితాలు కావాలట.’ పొట్టిగా ఉంది, కానీ తప్పు. ఆపింది అదనంగా కలిపిన భాగం మాత్రమే. ఈ మాట విన్న మనిషి ఆ రాత్రి నిద్రపోదు, రేపటి నుంచి మందులు కొనడం మానేస్తుంది. రెండో ప్రతిలో దాన్ని ఇలా మార్చారు: ‘ఏం లేదులే, ఏదో వయసు తేడా వచ్చింది, నేను చూసుకుంటాను.’ ఇది వినడానికి బాగుంటుంది, పోస్టుమాస్టరు మంచివాడని కూడా తెలుస్తుంది. కానీ గడువు మాయమైంది, చూపించకపోతే వచ్చే నష్టం మాయమైంది, చేయాల్సిన పని ఆమె చేతిలోంచి అతని చేతిలోకి పోయింది. అతను మర్చిపోతే, బదిలీ అయితే, జ్వరంతో పడుకుంటే నష్టపోయేది ఆమె. నా దృష్టిలో మొదటిదానికంటే ఈ రెండోదే ఎక్కువ ప్రమాదం, ఎందుకంటే అది తప్పని ఆమెకు తెలిసే దారే లేదు. మొదటిదాంట్లో భయపడి ఇంకొకరిని అడుగుతుంది. రెండోదాంట్లో నిశ్చింతగా ఇంటికి వెళ్లిపోతుంది.

అనుభవమున్న పోస్టుమాస్టరు అయితే ఇలా చెబుతాడనుకుంటాను:

“పెద్దమ్మా, నీ పింఛను ఆగలేదు. నెలనెలా వస్తుంది. మూడేళ్ల కిందట ఎనభై నిండాయని పైన కొంత కలిపారు చూడు, అది మాత్రం ఇప్పటికి ఆపారు. నువ్వు ఏ సంవత్సరంలో పుట్టావో వాళ్ల దగ్గర రెండు లెక్కలున్నాయి. ఏది నిజమో కాగితం చూపించమంటున్నారు. ఏప్రిల్ 11 లోపల చూపించాలి. చూపించకపోతే ఈ మూడేళ్లూ ఎక్కువిచ్చామనుకున్న డబ్బును నీ పింఛనులోంచి నెలకింత అని పట్టుకుంటారు.”

ఈ వరసకు, ఉత్తరంలోని వరసకు పొంతన లేదని గమనించండి. ఉత్తరంలో చివర్న ఉన్నది ఇక్కడ మొదటికి వచ్చింది, ఎందుకంటే ఆ భయం తీరేదాకా ఆమె చెవికి ఇంకేదీ ఎక్కదు. ఎవరు ఏం చేశారో చెప్పని ‘నిలుపుదల చేయడమైనది’ కాస్తా ‘ఆపారు’ అయింది. ‘లేనిపక్షమున రాబట్టు చర్యలు తీసుకొనబడును’ అన్నది ‘చూపించకపోతే పట్టుకుంటారు’ అయింది. షరతు షరతులాగే మిగిలింది. కొత్తగా రాసేవాళ్లు కుదించేటప్పుడు మొదట పారేసేది ఈ షరతునే. ‘డబ్బు వెనక్కి పట్టుకుంటారట’ అంటే అయిపోయిన తీర్పు. ‘చూపించకపోతే పట్టుకుంటారు’ అంటే చేయడానికి ఇంకా పని ఉంది. ఒకదాంట్లో మీ పెద్దావిడ ఏడుస్తుంది, రెండోదాంట్లో లేచి కాగితాల పెట్టె వెతుకుతుంది. మీ కథ ఎటు నడవాలో ఆ ఒక్క మాట తేలుస్తుంది.

ఏప్రిల్ 11 ఎక్కడిది అని అడుగుతారు. ఉత్తరంలో ఆ తేదీ ఉండదు, ‘ఈ ఉత్తరము అందిన తేదీ నుండి 30 రోజులలోగా’ అని మాత్రమే ఉంటుంది. ఇక్కడ మీ పాత్ర పోస్టుమాస్టరు కావడం వల్ల మీకొక వరం దొరికింది, మీరు దాన్ని వాడుకోలేదు. అతని చేతిలో ఉన్న కవరు మీద, కాగితం మీద మొత్తం మూడు తేదీలుంటాయి. ఉత్తరం మీద టైపు చేసింది ఫిబ్రవరి 18. కవరు మీద అక్కడి పోస్టాఫీసు ముద్ర ఫిబ్రవరి 27, అంటే సంతకమయ్యాక తొమ్మిది రోజులు ఆ ఆఫీసులోనే ఉండిపోయింది. ఈ ఊరి ముద్ర మార్చి 11. ఆమె చేతికి ఇచ్చి రసీదు కార్డు మీద ఆమె గుర్తు తీసుకున్నది మార్చి 12. తెలియనివాడు టైపు చేసిన తేదీ నుంచి లెక్కపెడితే మార్చి 20తో గడువు అయిపోతుంది, ఇంకా ఎనిమిది రోజులే ఉన్నాయని హడావిడి పడతాడు. అందిన రోజును వదిలేసి మర్నాటి నుంచి 30 లెక్కపెడితే ఏప్రిల్ 11 వస్తుంది. రసీదు కార్డు మీద తేదీ వేసేది స్వయంగా అతనే కాబట్టి, ఈ లెక్క అతనికి ఇంకెవరికంటే బాగా తెలుసు. ఆ కార్డు వెనక్కి వెళ్లి అదే ఆఫీసు ఫైల్లో చేరుతుందని, రేపు వివాదం వస్తే అదే సాక్ష్యమని కూడా తెలుసు. ఒక పేరాలో అతని వేలు ఈ మూడు తేదీల మీదుగా కదిలితే చాలు, అతను తన పని తెలిసిన మనిషని పాఠకుడు నమ్ముతాడు.

ఇక్కడిదాకా చేస్తే కథ నడుస్తుంది. కానీ మలుపు తిరగదు. మలుపు ఎక్కడుందో చెబుతాను. అది ఉత్తరంలో లేదు, అతను ఉత్తరంలోంచి వదిలేసినదాంట్లో ఉంది.

ఏ కుదింపులోనైనా కొన్ని వదిలేయాలి. సూచిక నంబర్లు వదిలేశాడు, సరే. నకళ్ల పట్టిక వదిలేశాడు, సరే. అప్పీలు పేరా కూడా వదిలేశాడు. అదీ సరే, ఎందుకంటే తుది ఉత్తర్వు వచ్చాక గానీ అప్పీలుతో పని పడదు, అప్పుడు చెప్పవచ్చు. కానీ ఉత్తరంలో మూడు కాగితాల పేర్లున్నాయి: జనన నమోదు నకలు, చదివిన పాఠశాల ప్రవేశ రిజిస్టరు నకలు, ప్రభుత్వ వైద్యాధికారి ఇచ్చే వయసు ధ్రువపత్రం. వీటిలో ఏదైనా ఒకటి చాలు. అతను ఆమెకు మూడోది మాత్రమే చెబుతాడు. మొదటిది ఎందుకు చెప్పడంటే, ఆమె ఇంట్లో పుట్టింది, ఎవరూ నమోదు చేయించలేదని ఒకసారి ఆమే అంది. రెండోది ఎందుకు చెప్పడంటే, ఆమెకు చదువు రాదని అతనికి తెలుసు. తెలుసు అనుకుంటున్నాడు. మీరు కూడా నాకు రాసిన ప్రశ్నలో ఆమె చదువురానిదనే రాశారు.

ఆమె చదువుకుంది. రెండో తరగతి దాకా.

కథ మొత్తం దీని మీద తిరుగుతుంది. ఆమెకు ఇప్పుడు చూపు ఆనదు, అక్షరాలు చాలావరకు మరిచిపోయింది, ఎవరూ అడగలేదు కాబట్టి ఎవరికీ చెప్పలేదు. పక్కింటివాడు కూడా అడగలేదు. ఇన్నేళ్లూ పక్కనే ఉన్నాడు కాబట్టి ఆమె గురించి అంతా తెలుసనుకున్నాడు. అతను కుదించింది ఉత్తరాన్ని ఒక్కదాన్నే కాదు, ఆమె బతుకును కూడా. ఈ మాట మాత్రం కథలో ఎవరి చేతా అనిపించకండి. దృశ్యమే చూపించాలి.

దాన్ని ముందే నాటాలి. కథ మొదట్లో రసీదు కార్డు మీద గుర్తు తీసుకునేటప్పుడు అతను అలవాటుగా సిరా డబ్బా మూత తీసి ఆమె ముందుకు జరుపుతాడు. ఆమె ఒక్క క్షణం దాని వైపు చూసి, ఏమీ అనకుండా బొటనవేలు అద్దుతుంది. ఒక్క వాక్యం చాలు. మొదటిసారి చదివేటప్పుడు అక్కడ ఎవరూ ఆగరు. మలుపు వచ్చాక మాత్రం వెనక్కి వెళ్లి చూస్తారు.

మలుపు బయటపడే దారి కూడా అతని పనిలోంచే రావాలి. ఉత్తరం చెప్పి పంపేయకుండా, ‘ఏం చెప్పానో ఒకసారి నువ్వు చెప్పు పెద్దమ్మా’ అని అడిగే అలవాటు అతనికి ఉందనుకోండి. విన్న మనిషికి ఏం చేరిందో తెలుసుకోవడానికి ఇంతకంటే నమ్మకమైన పద్ధతి లేదు. ‘అర్థమైందా’ అని అడిగితే ఎవరైనా అయిందనే అంటారు. తిరిగి చెప్పమంటేనే చిల్లులు కనిపిస్తాయి. ఆమె ఇలా చెబుతుంది:

“పింఛను వస్తుంది. పైది ఆపారు. ఏప్రిల్ నెలలో డాక్టరు కాగితం చూపించాలి.”

“ఏప్రిల్ నెలలో అని కాదు. పదకొండో తేదీ దాటకూడదు. మొదటి వారంలోనే పంపేద్దాం.”

“సరే. మరి డాక్టరు నన్ను చూసి నాకెన్నేళ్లో ఎలా చెబుతాడు?”

“పళ్లు చూస్తారు, ఎముకలు చూస్తారు.”

“పళ్లున్నాయా నాయనా నాకు? ఆ కాగితం తప్ప ఇంకేం ఒప్పుకోరా?”

“ఇంకో రెండున్నాయి గానీ అవి నీకు పనికిరావు. ఒకటి పుట్టినప్పుడు రాయించుకున్నవాళ్లకి. ఇంకొకటి బళ్లో చదువుకున్నవాళ్లకి.”

ఆమె కొంగు సర్దుకుంది. “చదువుకున్నాను,” అంది. “రెండో తరగతి దాకా.”

ఆమె వేసిన డాక్టరు ప్రశ్నను తేలికగా తీసుకోకండి, కథలో అత్యంత తెలివైన మాట అదే. పిల్లల వయసును, ఎదిగే వయసును ఎముకల ఎక్స్‌రే చూసి కొంతవరకు దగ్గరగా చెప్పవచ్చు. ముసలితనంలో ఆ పని కుదరదు. 78 ఏళ్ల శరీరానికీ 83 ఏళ్ల శరీరానికీ మధ్య గీత గీసి చూపించే పరీక్ష ఏదీ లేదు, వైద్యుడు సుమారుగా ఇంత అని మాత్రమే రాయగలడు. ఆఫీసుకు కావలసింది సరిగ్గా ఆ అయిదేళ్ల తేడా తేల్చడం. అంటే పోస్టుమాస్టరు ఆమె కోసం ఎంచిపెట్టిన కాగితం మూడింటిలోకీ బలహీనమైనది. అతను సులువని ఎంచాడు, ఆమె మేలు కోరే ఎంచాడు. అయినా పనికొచ్చే దారి మూసుకుపోయేది. దీన్ని కథలో ఇంత విడమరచి చెప్పక్కర్లేదు, ఆమె ప్రశ్న, అతని దగ్గర జవాబు లేకపోవడం చాలు. కానీ రాసే మీకు తెలిసి ఉండాలి. తెలియకపోతే ఆ మలుపు మనసు కరగడం కోసం పెట్టినట్టు మిగిలిపోతుంది. తెలిస్తే అది లెక్కకు వచ్చే మలుపు, దాని మీద డబ్బు, గడువు ఆధారపడి ఉన్నాయి.

బడి రిజిస్టరు మాత్రం పూర్తిగా నమ్మదగిందా అంటే అదీ కాదు. పాత రోజుల్లో పిల్లను బడిలో వేసేటప్పుడు తండ్రి చెప్పిందో, పంతులుగారు అంచనాగా అనుకున్నదో రాసిన తేదీలు చాలా ఉంటాయి. ఆమె 1942లో పుట్టి ఉంటే బడిలో చేరింది 1948 ప్రాంతంలో. 1947లో పుట్టి ఉంటే 1953 ప్రాంతంలో. తేదీ అంచనాదైనా, చేరిన సంవత్సరం అంచనా కాదు, ఎందుకంటే రిజిస్టరు ఏ ఏటికా ఏడు వరసగా నిండుతుంది. ఆరేళ్ల పిల్లను, ఏడాది పిల్లను ఏ పంతులుగారూ కలగలపరు. కాబట్టి ఆమె పేరు ఏ సంవత్సరం పేజీలో ఉందన్నదే ఈ వివాదాన్ని తేల్చగలదు. పోస్టుమాస్టరు చురుకైనవాడైతే ఆ సంగతి అతనికి అప్పటికప్పుడే తడుతుంది. అతని ముఖంలో సిగ్గు, ఉత్సాహం రెండూ ఒకేసారి రావడానికి కారణం అదే. సిగ్గును మీరు ఒక్క పనితో చూపించవచ్చు: మడతపెట్టిన ఉత్తరాన్ని మళ్లీ విప్పి, రెండో పేజీలో తను దాటేసిన ఆ మూడు వరసల్నీ ఈసారి మాట మార్చకుండా, నెమ్మదిగా చదివి వినిపిస్తాడు.

ఇంకో చిన్న విషయం. మీ ప్రతిలో ఈ చదవడమంతా పోస్టాఫీసులో, నలుగురి మధ్య జరుగుతోంది. ఉత్తరం ఆమెది, అందులో ఆమె డబ్బు సంగతి ఉంది, ఆమె వయసు మీద అనుమానం ఉంది. పని తెలిసిన పోస్టుమాస్టరు కౌంటరు దగ్గర దాన్ని పైకి చదవడు. పక్కింటివాడే కదా, సాయంత్రం ఆమె అరుగు మీద కూర్చుని చదవనివ్వండి. అప్పుడు వాళ్లిద్దరే ఉంటారు, ఆమె బడి సంగతి చెప్పడానికి మొహమాటపడదు కూడా. నలుగురిలో ఆమె ఆ మాట అనేదే కాదు. కార్డు మీద బొటనవేలు అద్దే ముక్క మాత్రం పగటిపూట, పోస్టాఫీసులోనే జరగనివ్వండి. అక్కడ జనం ఉంటారు, ఆమె ఊరుకుందంటే కారణం కొంత అదే.

కథ అతని చూపులోంచి చెప్పడం మానకండి, ఆ ఎంపిక మీరు సరిగ్గా చేశారు. ఆమె మనసులోకి వెళితే చదువుకున్న సంగతి మొదటి పేజీలోనే దాచలేని పరిస్థితి వస్తుంది, దాచితే పాఠకుణ్ణి మోసం చేసినట్టవుతుంది. అతని చూపులో ఉంటే పాఠకుడు కూడా అతనితోపాటే పొరబడతాడు.

ముగింపు గురించి. రెండో ప్రతిలో ఆమె చేతులెత్తి దీవించి వెళ్లడంతో ముగించారు. దీవెన తీసేయండి. అతను వదిలేసిన వరసలు మళ్లీ చదివాక, ‘ఆ బడి ఏ ఊళ్లో పెద్దమ్మా? అప్పుడు నీ పేరేమని రాశారు?’ అని అడుగుతాడు. పెళ్లికి ముందు ఇంటిపేరు వేరు కదా, రిజిస్టరులో వెతకాల్సింది ఆ పేరు కోసమే. ఆమె చెబుతుంది, అతను ఉత్తరం వెనక ఖాళీలో రాసుకుంటాడు. అక్కడ ఆపేయండి. రిజిస్టరులో ఏ సంవత్సరం దొరికిందో మాత్రం కథలో చెప్పకండి. 1948 పేజీలో పేరు దొరికితే ఆఫీసు మీద ఆమె గెలిచిన కథ అవుతుంది, 1953 పేజీలో పేరు దొరికితే ఆమె నష్టపోయిన కథ అవుతుంది. మీరు రాయాలనుకున్నది ఆ రెండూ కాదు. ఈ మార్పులతో తిరగరాసి, కుదిరితే మూడో ప్రతి పంపండి. ఉత్తరాన్ని విడిగా రాసుకున్న కాగితం కూడా జతచేయండి, దాన్నే ముందు చదువుతాను.